వాదన నిలబడే వ్యాసంలో మాటతీరు సడలితే ఎన్ని మార్కులు తగ్గించాలి?

డిగ్రీలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు వచ్చాక మా నెల్లూరు జిల్లా కాలేజీల్లో ఒక కొత్త రకం పేపరు బల్ల మీదికి వస్తోంది. పిల్లలు ఊళ్లోకి వెళ్లి, మనుషులతో మాట్లాడి, ఏదో ఒకటి కొలిచి, లెక్కపెట్టి, దాని మీద వ్యాసం రాసి తెస్తారు. విషయం గట్టిగానే ఉంటుంది. రాత మాత్రం అరుగు మీద కూర్చుని చెబుతున్నట్టు ఉంటుంది. "తెగ ఉప్పు", "అదేంటంటే", "నేను చూశా", "అన్నమాట". ఇలాంటి పేపరుకు ఎన్ని తగ్గించాలన్న దగ్గర ఇద్దరు లెక్చరర్లు కూర్చుంటే మూడు రకాల మార్కులు వస్తాయి.

నేను ఇప్పుడు చేస్తున్న పద్ధతి ఇక్కడ వరసగా చెబుతాను. ఇది తెలుగులో రాసిన 20 మార్కుల వ్యాసానికి. ఇంగ్లీషు వ్యాసాల సంగతి చివర్లో కొంచెం వస్తుంది.

చేతిలో ఒక పేపరు ఉంటే తేలిక కాబట్టి ఒకటి తీసుకుందాం. ఇది ఒక్క విద్యార్థిది కాదు. ఏళ్లుగా చూసిన పేపర్లు కలిపి నేను అల్లినది. అందులోని లెక్కలు కూడా ఉదాహరణకే. ఇందుకూరుపేట వైపు సముద్రం దగ్గరి ఒక ఊరు. రొయ్యల గుంటల పక్కనున్న బోర్లలో నీళ్లు ఉప్పగా మారుతున్నాయా అన్నది ప్రశ్న. ఆ అమ్మాయి గుంటల దగ్గర 6 బోర్లు, దూరంగా 6 బోర్లు ఎంచుకుంది. వానలు పడ్డాక నవంబరులో ఒకసారి, ఎండల్లో మే నెలలో ఒకసారి, నీళ్లలో కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటరు పెట్టి కొలిచింది. పట్టిక వేసింది. నలుగురు పెద్దవాళ్లతో మాట్లాడింది. గుంటల వైపే సముద్రమూ ఉంది కాబట్టి ఉప్పంతా గుంటల వల్లేనని చెప్పలేనని తనే రాసింది. ఆరు పేజీలు.

మొదటి పని: పేపరు తెరవకముందే కోతకు హద్దు పెట్టుకోండి

నేను 20 మార్కులను ఇలా పంచుతాను. ప్రశ్న, వాదన కలిపి 8. ఆధారాలు 6. అమరిక 3. భాష 3. ఆ భాష మూడింటిలో ఒకటి అక్షరదోషాలకు, వాక్యం సరిగ్గా ఉండడానికి. మిగతా రెండూ మాటతీరువి. అంటే పిల్ల ఎంత కబుర్ల ధోరణిలో రాసినా ఆ కారణంగా పోయేవి రెండే. అంతకు మించి ఒక్క అర మార్కు కూడా పోదు.

రెండే ఎందుకంటే, దానికి చిన్న పరీక్ష ఉంది. రెండు పేపర్లు ఊహించుకోండి. ఒకటి మన బోర్ల పేపరు. వాదనకు 7, ఆధారాలకు 5, అమరికకు 2.5, అక్షరశుద్ధికి 1. మొత్తం 15.5, మాటతీరు మార్కులు ఇంకా వేయలేదు. రెండోది అచ్చు వార్షిక సంచికలో వేసుకునేంత నున్నగా ఉంది కానీ ఒక్క కొలతా లేదు. వాదనకు 5, ఆధారాలకు 3, అమరికకు 3, అక్షరశుద్ధికి 1, మాటతీరుకు పూర్తిగా 2. మొత్తం 14. హద్దు రెండైతే మొదటి పేపరు మాటతీరులో సున్నా తెచ్చుకున్నా 15.5 దగ్గర ఆగుతుంది, రెండోదానికంటే పైనే ఉంటుంది. హద్దు లేకుండా చిరాకు కొద్దీ ఐదు తగ్గించారనుకోండి, 17.5 రావాల్సినది 12.5కి దిగిపోతుంది. బోర్ల దగ్గరికి రెండుసార్లు వెళ్లి వచ్చిన పిల్ల, ఇంట్లో కూర్చుని నున్నగా రాసిన పిల్ల కంటే కింద పడుతుంది. మీ హద్దు ఎంతైనా సరే, ఇలా రెండు పేపర్లు పక్కపక్కన పెట్టి చూడండి. వరస తారుమారైతే హద్దు ఎక్కువైనట్టే.

హద్దు పెట్టేముందు ఇంకొకటి చూడాలి. వ్యాసం ఇచ్చిన రోజు మనం ఏం చెప్పాం? "వ్యాసభాషలో రాయండి, ఇదిగో ఒక నమూనా" అని ఇచ్చి ఉంటే రెండు మార్కుల హద్దు న్యాయం. ఊరికే "పది రోజుల్లో రిపోర్టు ఇవ్వండి" అని పంపించి ఉంటే దాన్ని ఒకటికి తగ్గిస్తాను. చెప్పని నియమానికి పూర్తి ధర వసూలు చేయడం నాకు మనసు రాదు.

రెండో పని: మొదటిసారి ఎర్రపెన్ను పక్కన పెట్టి చదవండి

మాటతీరు కోతలో జరిగే పెద్ద నష్టం మాటతీరు గడిలో జరగదు, పక్క గడుల్లో జరుగుతుంది. రెండో పేజీలో "అన్నమాట" మూడుసార్లు కనిపించేసరికి మనకు తెలియకుండానే ఈ పిల్లకు విషయం కూడా సరిగ్గా తెలియదనిపిస్తుంది. వాదనకు 7 వేయాల్సిన చేయి 5 దగ్గర ఆగుతుంది. ఆధారాలకు ఒకటి తగ్గుతుంది. తరవాత మాటతీరుకు విడిగా ఇంకో రెండు. ఒకే తప్పుకు మూడుచోట్ల జుల్మానా.

అందుకని మొదటి చదువులో వాదన, ఆధారాలు, అమరిక మార్కులు మాత్రమే వేసి, ఆ కాగితం మడిచి పక్కన పెట్టేయండి. ఆ మూడూ మళ్లీ ముట్టుకోకూడదు. మాట అడ్డం పడుతుంటే ప్రతి పేరాకీ ఒక ముక్క మీ మాటల్లో పక్కన రాసుకోండి: "గుంటల దగ్గర మేలో రీడింగ్ రెట్టింపు", "దూరపు బోర్లలో తేడా స్వల్పం", "సముద్రం సంగతి ఒప్పుకుంది". ఆ ముక్కలు చూసి వాదనకు మార్కు వేయండి. అప్పుడు మీరు చూసేది ఆ పిల్ల ఏం తేల్చిందో అదే, ఎలా మాట్లాడిందో కాదు.

మా స్టాఫ్‌రూములో ఇలాంటి పేపరు ఒకటి నా చేతికి 12తో వచ్చింది. దిద్దినాయన మంచి మనిషి, విషయం తెలిసినవాడు. "భాష బాగాలేదు కదా సార్, నాలుగైదు పోతాయి" అన్నాడు. గడులు విడదీసి మళ్లీ వేయమంటే ఆయనే 16 వేశాడు. పోయిన నాలుగింటిలో మూడు వాదన, ఆధారాల గడుల్లోంచి పోయినవే.

మూడో పని: రెండో చదువులో గీత గీసిన ప్రతిదాన్నీ ఒక ప్రశ్న అడగండి

ఈసారి పెన్సిలు తీసుకోండి. మాటతీరు సడలిన చోటల్లా గీత గీయండి. ఆ తరవాత ఒక్కోదాన్నీ అడగాల్సింది ఇది: ఈ మాట వల్ల అర్థం మసకబారిందా, లేక చెవికి మాత్రమే తేలికగా వినిపిస్తోందా?

"ఎండాకాలంలో ఈ బోర్ల నీళ్లు తెగ ఉప్పగా ఉంటాయి" అనే వాక్యం చూడండి. పక్కనే "మే నెల రీడింగ్ 2,100" అని ఉంటే "తెగ" అన్నది వట్టి మాటతీరు. తీసేస్తే సరిపోతుంది. అంకె లేకుండా "తెగ ఉప్పు" ఒక్కటే ఉంటే కథ వేరు. తాగునీటికి భారతీయ ప్రమాణాల ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీరు దొరకని చోట 2,000 దాకా ఒప్పుకుంటారు. "తెగ" అంటే 700 అనుకోవాలా, 2,500 అనుకోవాలా? అక్కడ పోయింది ఆధారం. దానికి ఆధారాల గడిలో ఇప్పటికే తగ్గించి ఉంటారు. మాటతీరు గడిలో మళ్లీ తగ్గించకండి. "తెగ" బదులు "అత్యధికంగా" అని రాసినా ఆ లోపం అలాగే ఉండేది. నున్నటి మాట కాబట్టి మన కంటికి ఆనకపోయేది, అంతే.

"అంటే ఏంటంటే", "అన్నమాట", "ఇంకేముంది" లాంటివి నోటిమాటలో ఊపిరి తీసుకునే చోట్లు. అర్థం చెడదు. మాటతీరు గడికి వచ్చే నికరమైన సరుకు ఇదే.

ఇక మన వైపు మాట. "ఉండాది", "అట్టా", "యాడ" అని రాస్తే కొందరికి అది కబుర్ల ధోరణి, కొందరికి తప్పు. నాకు అది రెండు రకాలు. ఊరి పెద్దాయన చెప్పింది కొటేషన్‌లో పెట్టి, "ఒకప్పుడు కొబ్బరినీళ్ల మాదిరి ఉండేయి, ఇప్పుడు నోట్లో పోసుకోలేకుండా ఉండాము" అని రాసిందనుకోండి, అది సాక్ష్యం. దాన్ని "ఉండేవి", "ఉన్నాము" అని దిద్దమంటే సాక్ష్యం చెడగొట్టమన్నట్టు. అదే మాట తన సొంత వాక్యంలో, పట్టిక కింద రాస్తే మాటతీరు లెక్కలోకి తీసుకుంటాను, కానీ "అన్నమాట"తో సమానంగానే. యాస అయినందుకు అదనంగా ఏమీ లేదు.

పనిముట్ల, పనుల మాటలు అసలు గీతే గీయకండి. "రొయ్యల గుంట" అన్నది మోటు మాట అనుకుని "చెరువు" అని దిద్దినవాళ్లను చూశాను. మన జిల్లాలో చెరువంటే పంటలకు నీళ్లు పారే చెరువు. రొయ్యలు పెంచేది గుంట. అమ్మాయి రాసిందే కచ్చితమైన మాట, దిద్దిన మాటే తికమక.

నాలుగో పని: కుదించిన క్రియలు

తెలుగులో కుదింపు ఇంగ్లీషులో లాంటిది కాదు. మనం ఇప్పుడు మంచి వ్యాసభాష అనుకునేదే ఒకప్పటి రూపాలు కుదిస్తే వచ్చింది. "చేయుచున్నారు" పోయి "చేస్తున్నారు" వచ్చింది. "చేయవలెను" పోయి "చేయాలి" వచ్చింది. ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పుట్టినరోజని తెలుగు భాషా దినోత్సవం జరిపి, వాడుక భాష గొప్పతనం గురించి మైకులో చెప్పి, సాయంత్రం పేపర్లు దిద్దేటప్పుడు "కొలిచాం" కింద గీత గీసే అలవాటు మనకే ఉంది. నేనూ గీశాను.

"కొలిచాము"కు బదులు "కొలిచాం", "వెళితే"కు బదులు "వెళ్తే" ఏ పత్రికలో చూసినా ఉంటాయి. వీటికి సున్నా.

కానీ ఒక్క కుదింపు దగ్గర ఆగాలి. "ను" రాలిపోయిన ఉత్తమ పురుష. "కొలిచాను" బదులు "కొలిచా", "చూశాను" బదులు "చూశా" అని రాస్తే అర్థం తెలుస్తూనే ఉంటుంది, కాస్త తేలికగా వినిపిస్తుంది, అంతే. "నా"తో ముగిసే క్రియల్లో మాత్రం ఇబ్బంది వస్తుంది. మన పేపరులో నాలుగో పేజీ వాక్యం:

"ఒక్కో బోరులో మూడేసి సార్లు రాసుకున్నా తేడా కనిపించలేదు."

రాసుకున్నాను, తేడా కనిపించలేదు అనా? రాసుకున్నప్పటికీ తేడా కనిపించలేదు అనా? ఇక్కడ రెండూ దగ్గర దగ్గరగా ఉన్నాయి కాబట్టి సర్దుకుపోవచ్చు. కానీ ఐదో పేజీలో "పక్క ఊరి బోర్లు కూడా చూద్దామనుకున్నా మోటార్లు ఆడలేదు" అని ఉంది. అనుకుంది, ఆడలేదు కాబట్టి చూడలేదా? లేక ఆడకపోయినా ఎలాగో చూసిందా? పట్టికలో ఆ బోర్లు ఉన్నాయో లేవో వెనక్కి తిప్పి చూడాల్సి వచ్చింది. చదివేవాణ్ని వెనక్కి పంపించిన కుదింపుకు ధర ఉంటుంది. నేను ఇలాంటివి ఒకటి రెండుంటే అర మార్కు తీస్తాను, పక్కన "ను రాయి" అని రెండే మాటలు రాస్తాను. ఎందుకో చెప్పకుండా ఊరికే గీత గీస్తే ఆ పిల్ల తరవాతి పేపరులో "కొలిచాం"ను కూడా "కొలిచితిమి" చేసి తెస్తుంది.

ఐదో పని: నేను, మేము, మనం

ఎక్కువ గొడవ ఇక్కడే. "వ్యాసంలో నేను అనే మాట రాకూడదు" అన్నది మన తరగతి గదుల్లో దాదాపు శాసనం. ఎక్కడి నుంచి వచ్చిందో గానీ ప్రపంచంలో పరిశోధన రాసేవాళ్లలో చాలామంది దాన్ని పాటించరు. డీఎన్ఏ నిర్మాణం గురించి వాట్సన్, క్రిక్ 1953లో నేచర్ పత్రికలో వేసిన చిన్న వ్యాసం మొదలయ్యేదే "మేము" అనే మాటతో. సామాజిక శాస్త్రాల్లో ఎక్కువగా వాడే, అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘం వేసే ఏపీఏ శైలి పుస్తకం రచయిత తను చేసిన పని గురించి చెప్పేటప్పుడు "నేను", "మేము" అనే రాయమంటుంది, "ఈ రచయిత" అని తన గురించి తనే మూడో మనిషిలా రాసుకోవద్దంటుంది. అదే పుస్తకం ఇంగ్లీషు కుదింపులు మాత్రం వద్దంటుంది. అంటే ఒకే పుస్తకం ఒకదాన్ని రమ్మంది, ఒకదాన్ని పొమ్మంది. మనం రెండింటినీ ఒకే సంచిలో వేసి "ఇన్‌ఫార్మల్" అని మూతి కడతాం.

తెలుగులో ఇంకో చిక్కు. "నేను" కొట్టేసినంత మాత్రాన నేను పోదు. "నేను 12 బోర్లు కొలిచాను"లో మొదటి మాట కొట్టేస్తే "12 బోర్లు కొలిచాను" మిగులుతుంది. మనిషి క్రియ చివర అలాగే కూర్చుని ఉంటాడు. దాన్ని కూడా తీసేయాలంటే దారులు రెండే. "12 బోర్లు కొలవబడ్డాయి", లేదా "12 బోర్లను కొలవడం జరిగింది". మొదటిది తెలుగు నోటికి రాదు. రెండోది ఆఫీసు నోటీసు. రెండింటిలోనూ కొలిచింది ఎవరో మాయమవుతారు. ఊళ్లో ఇంకెవరైనా కొలిచి ఇచ్చారా, ఈ పిల్లే మీటరు ముంచిందా? పరిశోధనలో తెలియాల్సిన సంగతే అది.

కొన్నేళ్ల కిందట నేను ఒక అబ్బాయికి "నేను" వాడినందుకు నాలుగు మార్కులు తీసేశాను. తరవాతి పేపరు తెచ్చి "నేను అన్నీ తీసేశాను సార్" అన్నాడు. నిజమే. మూడు పేజీల్లో "జరిగింది" 14 సార్లు ఉంది. "ప్రశ్నలు అడగడం జరిగింది, సమాధానాలు రావడం జరిగింది." నేను నేర్పిందే నాకు తిరిగి ఇచ్చాడు.

కాబట్టి "నేను" కనపడగానే గీత గీయకుండా, ఆ నేను ఏం పని చేస్తోందో చూడండి. కొలిచాను, అడిగాను, ఎంచుకున్నాను అని చేసిన పని చెబుతుంటే ధర సున్నా. "ఉప్పంతా గుంటల వల్లేనని చెప్పలేను" లాంటి చోట ధర సున్నా కాదు, నా దృష్టిలో ఆ వాక్యం వాదన గడిలో మార్కు సంపాదించాలి. గమనించండి, దాన్ని "చెప్పలేం" అని దిద్దితే అర్థం మారిపోతుంది. "చెప్పలేను" అంటే నా 12 బోర్ల లెక్కతో నేను చెప్పలేను అని. "చెప్పలేం" అంటే ఎవరూ చెప్పలేరని. భూగర్భ జలాల మీద పనిచేసేవాళ్లు ఇంకా లోతుగా పరీక్షలు చేసి చెప్పగలరేమో. ఆ పిల్ల తనకు తెలిసినంతే చెప్పింది, మనం దిద్ది ఎక్కువ చెప్పించాం.

"నాకైతే గుంటలే కారణం అనిపిస్తోంది" అన్నది ఇంకో రకం. ఇక్కడ "నాకైతే" ఆధారం కూర్చోవాల్సిన కుర్చీలో కూర్చుంది. ఇది వాదన లోపం. "గుంటలే కారణమని స్పష్టమవుతోంది" అని దిద్దితే లోపం పోదు, పైపెచ్చు దాక్కుంటుంది. వాదన గడిలో తగ్గించండి, మాటతీరు గడిలో వద్దు. మన పేపరుకు వాదనలో 8కి 7 రావడానికి కారణం ఈ వాక్యమే. చెప్పలేనని ఐదో పేజీలో రాసిన పిల్ల మూడో పేజీలో అనిపిస్తోందని రాసింది.

"మేము", "మనం" తేడా కూడా చూడాలి. ఇంగ్లీషులో ఈ రెండింటికీ ఒకటే మాట, మనకు రెండున్నాయి. జట్టుగా పనిచేస్తే "మేము కొలిచాం" సరే. ఒక్కతే చేసి "మేము" అంటే ఎవరెవరని అడగండి. "మనం ఇక్కడ గమనించాల్సింది" అన్నది పాఠం చెప్పే గొంతు, మన దగ్గరే నేర్చుకుని ఉంటారు. ఆరు పేజీల్లో రెండుసార్లు వస్తే నేను చూసీచూడనట్టు వదిలేస్తాను. పేరాకు ఒకటి చొప్పున వస్తే మాటతీరు లెక్కలోకి వస్తుంది. "మనం ఈ నీళ్లు తాగి రోగాలు తెచ్చుకుంటున్నాం" అంటే మాత్రం అడగాలి: తాగుతున్నది ఎవరు? ఆ ఊరివాళ్లా, పేపరు దిద్దుతూ మినరల్ వాటర్ తాగుతున్న నేనా?

ఆరో పని: గీతలు కాదు, రకాలు లెక్కపెట్టండి

ఒక్కో గీతకు పావు మార్కు అని వేస్తే "అన్నమాట" అలవాటున్న పిల్ల ఒక్క అలవాటుకే రెండు మార్కులూ పోగొట్టుకుంటుంది. దీనికంటే దిద్దడానికి ఎంత పని పడుతుందో చూడడం మేలు. గీతలు ఎక్కువున్న ఒక పేజీ తీసుకుని నిజంగా దిద్ది చూడండి. మాటలు కొట్టేస్తేనో, ఒకటి తీసి ఒకటి పెడితేనో పని అయిపోతే అర మార్కు. అదే ధోరణి వ్యాసమంతా ఉంటే ఒకటి. వాక్యాలే తిరగరాయాల్సి వస్తే, చదువుతూ రెండు మూడు చోట్ల వెనక్కి తిప్పాల్సి వస్తే ఒకటిన్నర. పూర్తిగా రెండు పోయేది, ఏది విద్యార్థి మాటో, ఏది ఊరివాళ్ల మాటో విడదీయలేనంతగా కలిసిపోయినప్పుడే. అలాంటివి అరుదు.

మన బోర్ల పేపరు తీసుకుందాం. గీతలు 31. అందులో 9 "కొలిచాం", "వెళ్తే" రకం, ఆ గీతలు కొట్టేశాను. 6 "నేను కొలిచాను" రకం, కొట్టేశాను. పెద్దాయన మాటల్లోవి 3, కొట్టేశాను. "గుంట" రెండుచోట్ల పొరపాటున నేనే గీశాను. "నాకైతే" ఒకటి, వాదన గడిలో అయిపోయింది. మిగిలినవి 10. అందులో "అన్నమాట", "అంటే ఏంటంటే" కలిపి 6, "తెగ" 2, ఇవి అలవాటు మాటలు, కొట్టేస్తే పోతాయి, అర మార్కు. "రాసుకున్నా", "అనుకున్నా" 2, అర్థం మసకబారింది, ఇంకో అర. మొత్తం కోత ఒకటి. మాటతీరుకు 2కి 1.

7, 5, 2.5, 1, 1. మొత్తం 16.5.

31 గీతలు చూసి చేయి ముందుగా ఎంత వేయబోయిందో గుర్తుందా? నాకైతే 13 అనిపించింది. అందుకే గీతలు ఉన్న పేజీ చూస్తూ మొత్తం మార్కు వేయను.

ఇంగ్లీషులో రాసిన వ్యాసమైతే

లెక్క ఇదే, కొన్ని తేడాలు. "డు నాట్" బదులు "డోంట్", "ఈజ్ నాట్" బదులు "ఈజంట్" రాయడం చాలా శైలి పుస్తకాల ప్రకారం పరిశోధన వ్యాసంలో కూడదు. కానీ టైపు చేసిన వ్యాసంలో అవన్నీ మార్చడానికి రెండు నిమిషాలు పడుతుంది. వ్యాసమంతా ఉన్నా అర మార్కుకు మించి తీయను. పైన చుక్క పెట్టి రాసే "ఇట్స్"ను, "దాని యొక్క" అనే అర్థంలో వచ్చే "ఇట్స్"ను కలిపేస్తే అది మాటతీరు కాదు, తప్పు. అది అక్షరశుద్ధి గడిలోకి వెళ్తుంది. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలకు ఏది నోటి ఇంగ్లీషో, ఏది రాత ఇంగ్లీషో విని తెలుసుకునే వీలు తక్కువ. సినిమాల్లో, ఫోనులో విన్నదే వాళ్లకు ఇంగ్లీషు. కాబట్టి ఇంగ్లీషులో మొదటి వ్యాసానికి మాటతీరు కోత వేయకుండా గీతలు గీసి ఇస్తాను, రెండోదాని నుంచి వేస్తాను.

ఈ హద్దు పనికిరాని చోట్లు

పరీక్షిస్తున్నదే మాటతీరు అయితే ఈ లెక్క పక్కన పెట్టండి. కలెక్టరుకు అర్జీ రాయమని ఇచ్చిన ప్రశ్నలో "సార్, మా ఊళ్లో నీళ్లు తెగ ఉప్పు" అని రాస్తే రెండు మార్కులతో వదలడం కుదరదు, అడిగిందే అది కదా. యూనివర్సిటీ స్కీము ఇచ్చి "శైలికి 5" అని రాసి ఉంటే కూడా మన సొంత పంపకం చెల్లదు. ఆ ఐదింటి లోపలే ఈ రకాలు విడదీయండి.

ఇద్దరు దిద్దే పేపరైతే మొత్తం మార్కుల మీద వాదించుకోకండి, టీ చల్లారిపోతుంది గానీ తెగదు. గడులు పక్కపక్కన పెట్టండి. తేడా మాటతీరు గడిలో ఉంటే అర, ఒకటి దగ్గర సర్దుకోవచ్చు. తేడా వాదన గడిలో కనిపిస్తే, తక్కువ వేసినాయన్ని ఏ వాక్యం చూసి తగ్గించారో చూపించమనండి. ఆయన వేలు "అన్నమాట" మీద పడిందంటే ఆ మార్కు వెనక్కి రావాలి.

పేపరు తిరిగి ఇచ్చేటప్పుడు పై పేజీలో నేను మూడు లైన్లే రాస్తాను. బోర్ల పేపరు మీద రాసేది ఇది: "మాటతీరుకు 1 పోయింది. 'అన్నమాట', 'అంటే ఏంటంటే', 'తెగ' కొట్టేసి చదువుకో, ఏమీ తగ్గదు. 'అనుకున్నా' దగ్గర 'ను' రాయి. 'నేను కొలిచాను' అలాగే ఉంచు."